కొయ్యకాళ్ళ మీద పచ్చదనం

మాఘ శుద్ధ తదియ

సర్దార్ విజయకేతు దండు కదలబోతోందని ఉప్పు అమ్మే సాయవ్వ ఈ పొద్దున కబురు తెచ్చింది. ఆనకట్టపేట పెద్దలంతా మొహాలు వేలాడేశారు. నాకు మాత్రం కడుపులో చల్లగా అనిపించింది. ఏడాదిన్నరగా నేను ఈ కబురు కోసమే కాచుకుని ఉన్నాను.

వాడికి కావలసింది మా ఆనకట్ట. ఇది చేతికొస్తే కింద డెల్టాలో రెండో పంటకు నీళ్ళు ఎవరికి ఇవ్వాలో, ఎవరిని ఎండగట్టాలో వాడే చెబుతాడు. నాకు కావలసింది వాడు.

నా పేరు జమ్కు. ఈ ఊరి రసదు నా చేతిలో ఉంది. అంటే దండుకు తిండి, పశువులకు మేత, దారిలో నీళ్ళు. పెట్రోలునూ ప్లాస్టిక్కునూ రబ్బరునూ తినే బూజును మా అవ్వ చిన్నతనంలో సముద్రం శుభ్రం చేస్తుందని వదిలారట. అది సముద్రంతో ఆగలేదు. లారీల టైర్లు పోయాయి, కరెంటు తీగల మీది తొడుగులు పోయాయి, మా తాండా మళ్ళీ తాతల నాటి పనికి వచ్చింది. ఆ తాతలు పాదుషాల దండ్లకు ఎద్దుల మీద ధాన్యం మోశారు. పాదుషాల శత్రువులకూ మోశారు. ఇద్దరూ వాళ్ళ జోలికి వెళ్ళేవారు కాదు. ధాన్యం మోసే ఎద్దును ముట్టుకున్నవాడి దగ్గరికి మళ్ళీ ఏ తాండా రాదని ఇద్దరికీ తెలుసు.

ఆ కట్టుబాటును విజయకేతు తెంచాడు. రేవు దగ్గర మా ఎనిమిది వందల ఎద్దుల్ని చుట్టుముట్టి, రోజుకు ఇరవై మైళ్ళు తోలమన్నాడు. బరువెత్తిన ఎద్దు పది మైళ్ళు నడుస్తుంది, మిగతా పొద్దంతా మేయాలి, నెమరేయాలి, అప్పుడే రేపు లేస్తుంది. ఆ మాటే మా ఆయన రేడ్యా చెప్పాడు. చేతులు కట్టుకుని, మర్యాదగానే చెప్పాడు. తోలేవాడు తనకు లెక్కలు చెప్పడమేమిటని సర్దారు అక్కడికక్కడే పొడిపించాడు. ఆడవాళ్ళను వదిలేశాడు, మేం ఈ ఊరు చేరాం. ఎద్దుల్నీ, తోలేవాళ్ళనూ తీసుకుపోయాడు. వాళ్ళలో నా తమ్ముడు హేమ్లా ఉన్నాడు. ఇప్పటికీ ఆ దండులోనే తోలుతున్నాడు.

సభలో మా దళపతి ఓబులయ్య లేచి నిలబడ్డాడు. మంచివాడు, ధైర్యస్తుడు, కాస్త నోరెక్కువ.

"గుండ్లకనుమ కాడ నిలబడి కొట్లాడుదాం. మనోళ్ళు వెయ్యిమంది ఉన్నరు. ప్రాణం పోయినా ఎన్కకు తిరగరు."

"పోతే తిరగరు మరి," అన్నాను. "వాళ్ళు ఆరువేలు. నీ వెయ్యి మంది ప్రాణాలు పోగొట్టుకునేదానికి కనుమ దాకా పోవుడెందుకు ఓబులయ్యా? ఈడనే కూసుండి పోగొట్టుకోరాదు?"

అందరూ నవ్వారు. ఓబులయ్య మొహం ఎర్రబడింది.

"మరి నువ్వేం జేస్తవ్ జమ్కమ్మా?"

"నేనా? వానికి అన్నం బంద్ జేస్త."

నేల మీద చింతగింజలు పరిచి చూపించాను. ఆరువేల మంది కొట్లాడేవాళ్ళు ఉంటే మరో ఆరువేల మంది వాళ్ళ వెనక ఉంటారు. వంటవాళ్ళు, గుర్రాలు చూసేవాళ్ళు, గుడారాలు మోసేవాళ్ళు, అంగడి పెట్టేవాళ్ళు. మనిషికి రోజుకు కిలో గింజ. ఎద్దు మోసేది వంద కిలోలు. అంటే మనుషులకే రోజుకు నూట ఇరవై ఎద్దుల బరువు కరిగిపోతుంది. గుర్రాలు పదిహేను వందలు, వాటి ఉలవలకు మరో అరవై. సాయవ్వ చూసిన ప్రకారం వాడి దగ్గర ఎద్దులు రెండువేల ఏడు వందలు. భాగించుకుంటే పదిహేను రోజుల తిండి. వాడి కోట నుంచి మా ఆనకట్టకు వంద మైళ్ళు, పది రోజుల నడక. వాడు హాయిగా వస్తాడు.

"ఇంక నువ్వు జేసేదేముంది?" అన్నాడు ఓబులయ్య.

"ఈ లెక్కల ఎద్దు ఏం తిన్నదో చెప్పు."

నేనే చెప్పాను. ఎద్దు దారిలో గడ్డి మేస్తుంది కాబట్టి అది మోసే ధాన్యం దండుకు దక్కుతుంది. గడ్డి లేకపోతే ఎద్దు కూడా తాను మోసే బరువులోంచే తినాలి, రోజుకు ఎనిమిది కిలోలు. రెండువేల ఏడు వందల ఎద్దులు అలా తింటే రోజుకు రెండు వందల పదహారు బరువులు వాటికే పోతాయి. చింతగింజలు మళ్ళీ పంచాను. పదిహేను రోజుల తిండి ఏడో రోజు పూర్తికాకముందే అయిపోయింది. గుర్రాల గడ్డి నేను లెక్కలోకే తేలేదు.

ఓబులయ్య చింతగింజల వైపే చూస్తున్నాడు.


మాఘ శుద్ధ అష్టమి

ముందు ఆనకట్ట తలుపులు దించాం. దండుకు తిండి చేర్చడానికి నది కంటే చవకైన దారి లేదు. నూరు ఎద్దులు మోసేది ఒక్క పడవ మోస్తుంది, పడవకు మేత అక్కర్లేదు. మా నాన్న ఒక పాత కథ చెప్పేవాడు. అలెగ్జాండరు ఎడారి దారిన తిరిగి వెళ్ళేటప్పుడు తిండి తెచ్చే ఓడలు అతన్ని కలుసుకోలేకపోయాయట. ఏ యుద్ధంలోనూ పోనంత మందిని ఆ నడకలో పోగొట్టుకున్నాడట. మూడు రోజులకు నది సన్నబడింది. సర్దారు పడవలు ఇసుకలో కూర్చున్నాయని సాయవ్వ పడీపడీ నవ్వుతూ చెప్పింది. ఇక వాడు పీఠభూమి దారిన రావాలి. అది మా జొన్న నేల.

ఈ వారమంతా ఆ దారి పొడుగునా ఊళ్ళు తిరుగుతున్నాను. జొన్న కాస్త పచ్చిగా ఉన్నా కోయిస్తున్నాను. చొప్ప కట్టలు కట్టించి మా వైపు తోలిస్తున్నాను. దారికి రెండు పక్కలా ఒక పూట నడక దూరం దాకా గడ్డిపోచ ఉండకూడదు. వంటచెరకు ఉండకూడదు. బావుల మీద గిలకలు, తాళ్ళు ఉండకూడదు.

తిరగళ్ళు కూడా ఉండకూడదు. మా వైపు వాటిని ఇసుర్రాళ్ళు అంటారు. ఇదే అన్నిటికంటే కష్టమైంది. వెల్టూరులో ఒక ముసలమ్మ తిరగలి మీద కూర్చుని లేవనంది.

"గింజలు తీస్కపో, గడ్డి తీస్కపో. ఇసుర్రాయి ఎందుకే నీకు? రాయి తింటడా వాడు?"

"గింజలు నీకాడనే ఉంచినా అవ్వా. రాయే కావాలె."

"నీకేమన్న పుర్రె తిరిగిందా?"

రోము సైనికులు ఎనిమిది మందికి ఒక తిరగలి చొప్పున కంచరగాడిద మీద వేసుకుని తిరిగేవారని కూడా నాన్నే చెప్పాడు. గోధుమ తినేవాడికి, జొన్న తినేవాడికి రాయి లేకపోతే గింజ ఉన్నా లేనట్టే. సర్దారు మనుషులు డెల్టావాళ్ళు. దంచిన బియ్యం మూటలు తెచ్చుకుంటారు, కుండలో పోసి ఉడకేస్తారు. వాళ్ళకు తిరగలి మోసే అలవాటే లేదు. అవ్వకు ఇదంతా చెప్పాను. ఆమె లేచింది. రాయి ఎత్తించాక కూడా బండి వెనకాలే ఊరి చివరిదాకా నడిచి, గీత పడితే నన్ను బతకనివ్వనని చెప్పి పోయింది.


మాఘ పౌర్ణమి

దొడ్లకొండ కోటలో జొన్న నింపించాను. ఆరు వేల బస్తాలు. ఓబులయ్యకు పిచ్చెక్కినంత పనైంది.

"అన్నం బంద్ జేస్తనంటివి. ఇప్పుడు వాని నోట్లనే పోస్తున్నవా?"

"వాడు మూడో నాడు ఎన్కకు తిరగొద్దు ఓబులయ్యా. గడ్డి లేదని తెల్వంగనే ఎవడన్న తిరుగుతడు, మూడు రోజుల తిండి పెట్టుకొని ఇంటికి పోతడు. ముంగట కొండ మీద ఆరువేల బస్తాలున్నయంటే ఎట్ల తిరుగుతడు?"

దొడ్లకొండ ఆరో రోజు నడకలో వస్తుంది. అక్కడికి చేరేసరికి వాడి మూటలు ఖాళీ అవుతాయి, వెనక్కి వెళ్ళడానికి మేత ఉండదు. వాడి వేగులవాళ్ళు వచ్చి బస్తాలు లెక్కపెట్టుకుపోయారు. నేనే తలుపులు తీయించి పెట్టాను.

ఆ తర్వాత చెప్పిన మాటకు ఓబులయ్య కూర్చున్నవాడు లేచి నాలుగడుగులు వెనక్కి వేశాడు. కోట అవతల కోసిన జొన్న చేలకు చెరువు తూము తీయించాను. ఒకే ఒక్క తడి. తరవాత చెరువు ఖాళీ చేయించాను. కోశాక నేలలో మిగిలే కొయ్యకాళ్ళు నీళ్ళు తగిలితే పిలకలు వేస్తాయి. ఆ పిలకలు ఎండకు వాడి, మోకాలెత్తు లోపు ఉన్నప్పుడు ఎద్దు మేస్తే నాము తగులుతుంది. నోట్లో నురగ వస్తుంది, ఒళ్ళు వణుకుతుంది, ఊపిరి అందదు, పడిపోతుంది. విరుగుడుకు బెల్లం నీళ్ళు కలిపేలోపే చచ్చిపోతుంది. కోసి ఎండబెట్టి వేస్తే ఏమీ కాదు. జొన్న పండించే ప్రతివాడికీ ఇది తెలుసు. వరి పండించేవాడికి తెలియదు. వరి కొయ్యల మీద వచ్చిన పిలకల్ని వాళ్ళ పశువులు రోజూ మేస్తాయి.

"వాని దండుల మీ తాండ ఎద్దులున్నయి గదా," అన్నాడు ఓబులయ్య.

"ఉన్నయి."

"మీరు ఎద్దుకు మొక్కుతరు గదనే."

"మొక్కుత. పాపమే ఇది. నాకు తెల్వదనుకుంటున్నవా?"

మా ఇంట్లో పెరిగిన ఎద్దులు వాటిలో ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పేవి. రేడ్యాను వాడు పొడిపించినప్పుడు పక్కనే నిలబడి ఉన్నాయి. నాకు నిద్ర పట్టడం లేదు, అయినా ఆ చేలు దున్నించను. వాడి దండు నడుము ఆ ఎద్దులే. కత్తి పట్టినవాళ్ళని ఎంతమందిని చంపినా వాడు రేపు ఇంకొందరిని తెచ్చుకుంటాడు.

సాయవ్వ ఉప్పు బుట్ట ఎత్తుకుని దండు అంగడికి వెళుతోంది. ఉప్పు అమ్మేవాళ్ళను ఏ దండూ ఆపదు. హేమ్లాకు కబురు పంపాను. దొడ్లకొండ చేరకముందే తప్పించుకుని రా. పచ్చ కనిపిస్తే అటు పోవద్దు. అంతే చెప్పమన్నాను.


మాఘ బహుళ తదియ

దండు పీఠభూమి ఎక్కి మూడు రోజులైంది. ఓబులయ్య మనుషులు వాడి సైన్యం వైపు కన్నెత్తి చూడటం లేదు. గడ్డి కోసం, కట్టెల కోసం విడివిడిగా పక్కలకు వచ్చేవాళ్ళ మీద పడుతున్నారు. ఎంత పెద్ద దండైనా తిండి వెతుక్కునేటప్పుడు పదిమందీ ఇరవైమందీ అయిపోతుంది. కొడవలి పట్టుకుని వంగినవాడు డాలు పట్టుకోలేడు. మొదట్లో ఇది మగతనం కాదని గొణిగిన ఓబులయ్య నిన్న తొంభై గుర్రాలు తోలుకొచ్చి, వాటికి నా దగ్గర ఉలవలు అడిగాడు.

"ఇప్పుడెట్లుంది మగతనం?" అన్నాను.

"నీ నోట్ల మన్నువడ. ఉలవలియ్యి."

రెండో నాడే వాడు రేషన్ తగ్గించాడట. ఎప్పుడైనా కోత కిందనుంచే మొదలవుతుంది. ముందు తోలేవాళ్ళకు సగం చేశాడు, తర్వాత ఎద్దులకు. గుర్రాలకూ, కత్తులకూ ఇంకా నిండుగానే పెడుతున్నాడు. వాడు మోసేవాళ్ళను మాడ్చి, మోయించుకునేవాళ్ళను మేపుతున్నాడు. ఏ సర్దారైనా అదే చేస్తాడు, అందుకే నా పని సులువవుతోంది. కానీ ఆ సగం రేషన్‌లో నా తమ్ముడు ఉన్నాడు. ఇవాళ నేను వడ్డించుకున్నది తినలేకపోయాను.

సాయవ్వ తిరిగొచ్చింది. హేమ్లా జవాబు చెప్పింది.

"ఎద్దుల్ని ఇడ్సిపెట్టి రాడంట. 'నేనొస్తె ఇయ్యాల్నే చస్తయి ఇవి, గీ వరిగాళ్ళకు ఎద్దు ముడ్డేదో మూతేదో తెల్వదు. అక్కయితె ఇడ్సి వస్తుండెనా?' అన్నడు బిడ్డా."

"పచ్చ సంగతి చెప్పినవా?"

"చెప్పిన. పిచ్చిదాన్ని సూసినట్టు సూసిండు నన్ను. 'అక్క అట్ల జెయ్యది' అన్నడు."

నా తమ్ముడు నన్ను నమ్ముతున్నాడు. నేను అలా చేయనని నమ్ముతున్నాడు. ఇప్పుడు చేలకు మనుషుల్ని పంపి పిలకలు దున్నించేయడానికి వ్యవధి ఉంది. రెండు రోజుల పని. పొద్దున్నుంచీ అదే ఆలోచించాను. పంపలేదు. హేమ్లా తెలివైనవాడు, ఆ పచ్చను చూడగానే వాడికి అర్థమవుతుంది, తన ఎద్దుల్ని ఆపుకుంటాడు. మిగతావి పడిపోయాక ఆ గందరగోళంలో బయటపడతాడు. ఇలాగే జరుగుతుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను.


మాఘ బహుళ షష్ఠి

దొడ్లకొండ వాళ్ళదైంది. మా కాపలావాళ్ళు నాలుగు బాణాలు వేసి పారిపోయారు. బాగా పారిపోయారు, చూడముచ్చటగా.

ఎదురుగుట్ట మీద బండల చాటున ఓబులయ్యా నేనూ కూర్చుని చూశాం. కోట మీద బూరలు ఊదారు, గంతులు వేశారు. సర్దారు తెల్లగుర్రం మీద తిరుగుతూ చెయ్యి ఊపాడు. ఏడాదిన్నర తర్వాత వాడి మొహం చూశాను. బాగా ఒళ్ళు చేశాడు.

మధ్యాహ్నానికి బూరలు ఆగాయి. బస్తాలు విప్పుకున్నారు, ఏం చేయాలో తెలియలేదు. బియ్యంలా పొయ్యి మీద పెట్టారు. నానబెట్టని జొన్నగింజ ఉడకాలంటే కట్టెలు కావాలి, నీళ్ళు కావాలి. కట్టెలు లేక గుడారాల గుంజలు విరగ్గొట్టారు. రాళ్ళ మధ్య పెట్టి దంచారు. చాలామంది ఓర్చుకోలేక నోట్లో పోసుకుని నమిలారు. పొద్దుగూకేసరికి కోట గోడ కింద వరసగా చెంబులు పట్టుకుని కూర్చున్నారు, అందులో సగం మందికి చెంబులో నీళ్ళు కూడా లేవు. ఓబులయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎంత హాయిగా ఉందో దాచిపెట్టి లాభం లేదు.

ఎద్దులకూ ఆ జొన్నే పోశారు. పీచు లేకుండా గింజ మేపితే నెమరేసే పశువు కడుపు ఉబ్బి చస్తుంది. తోలేవాళ్ళు గింజను గుప్పెళ్ళతో కొలిచి పెట్టడం దూరం నుంచి కూడా తెలిసింది. వాటికి గడ్డి కావాలి. కోట అవతల, నాలుగు వందల ఎకరాల కొయ్యకాళ్ళ మీద, జానెడెత్తున పచ్చగా ఉంది.


మాఘ బహుళ సప్తమి

ఇవాళ పొద్దెక్కుతుండగా ఎద్దుల్ని చేలల్లోకి తోలారు.

ముందు కొంతసేపు ఏదో గొడవ జరిగింది. చేను గట్టు మీద తోలేవాళ్ళు గుంపుగా నిలబడి చేతులు అడ్డం పెట్టారు. గుర్రాలవాళ్ళు వాళ్ళ మీదికి వెళ్ళారు. దుమ్ము లేచింది. అంత దూరం నుంచి మొహాలు తెలియలేదు. తర్వాత కట్టు విప్పిన ఎద్దులు ఒక్కసారిగా పచ్చలోకి దూకాయి. ఆరు రోజుల ఆకలి మీద ఉన్నాయి, తల ఎత్తకుండా మేశాయి.

గంట పట్టలేదు. ముందు చేను నడిమిన ఒకటి మోకాళ్ళ మీద కూలింది. దాని పక్కది. తర్వాత ఎటు చూసినా అవే. వెయ్యి పశువులు ఒకేసారి ఊపిరి కోసం గురగురమంటే ఆ చప్పుడు గుట్ట మీదికి వినిపించింది. ఓబులయ్య మొహం తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. నేను చేసింది నేను చూడాలి. కొమ్ములకు గవ్వలు కట్టిన మా ముందెద్దు పడటం కూడా చూశాను. మొక్కాను, ఏడ్చాను, మళ్ళీ చూశాను.

"అయిపోయింది జమ్కమ్మా," అన్నాడు ఓబులయ్య. "వాని కాళ్ళిరిగినయి."

అంతే. ఆరు వేల బస్తాలు ఇంకా వాడి దగ్గరే ఉన్నాయి. అవి ఒక్క మైలు ముందుకు జరగవు, వెనక్కూ జరగవు. తిత్తుల్లో నీళ్ళు మోసేవి కూడా ఆ ఎద్దులే. కోటలో ఉన్నది రెండు బావులు. దండు కదిలితే దాహంతో చస్తుంది. కదలకపోతే ఆ రెండు బావులూ తోడి, తాను కూర్చున్నచోటును తానే పాడు చేసుకుని చస్తుంది.


మాఘ బహుళ ఏకాదశి

సర్దారు లొంగిపోయాడు. కనుమ దగ్గర కత్తి దూయకుండా, ఒక్క యుద్ధం కూడా జరగకుండా. గుర్రాలను కోసుకుని తిన్నారట. రక్తవిరేచనాలతో మనుషులు కోట మెట్ల మీదే పడి ఉన్నారు. ఆరువేల మందిలో నిలబడి నడవగలిగినవాళ్ళు సగం లేరు. ఓబులయ్య ఆయుధాలు తీసుకున్నాడు. కోపం ఎటుపోయిందో, జబ్బుపడ్డవాళ్ళకు గంజి కావిళ్ళు తానే ముందుండి మోయించాడు.

నేను మాత్రం వెల్టూరు అవ్వ తిరగలిని బండిలో తెప్పించాను. కోట వాకిట్లో దింపించి, పక్కన జొన్న బస్తా పెట్టించి, విజయకేతును పిలిపించాను. పట్టు అంగీ ఒంటి మీద వేలాడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. పట్టనక్కర్లేదు.

"విసురు," అన్నాను.

"నేనాండీ?"

"నీ ఎద్దులు తోలేటోళ్ళు మిగిలినోళ్ళు ఆకలితో ఉన్నరు. ముందు వాళ్ళకు పిండి కావాలె."

ఓబులయ్య మనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. కూర్చున్నాడు. పిడి పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో కూడా తెలియలేదు. గింజలు ఒకేసారి దోసెడు పోశాడు, రాయి బిగుసుకుపోయింది. పిడికెడు పిండి రాలేసరికి అరచేయి బొబ్బలెక్కింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఇన్నాళ్ళూ కలలో చూసింది ఇదే. కలలో కంటే బాగుంది.

తోలేవాళ్ళు ఒక్కొక్కరే కోట లోపలినుంచి వస్తున్నారు, ఎముకల గూళ్ళలా. నా కళ్ళు హేమ్లా కోసం వెతుకుతున్నాయి. చివరివాడు కూడా వచ్చాడు. లచ్యా కాకా, నన్ను ఎత్తుకుని పెంచినవాడు, నా ముందుకు వచ్చి నిలబడి, నేల చూశాడు.

"కాకా, తమ్ముడేడి?"

కాకా తిరగలి దగ్గరున్నవాడి వైపు చూశాడు.

"చేను గట్టు కాడ," అన్నాడు. "వద్దు, ఇది నాము, మేస్తె చస్తయని గుర్రాలకు అడ్డం పండుకుండు. 'మా అక్కకు తెలుసు, మా అక్క ముందే చెప్పి పంపింది, నమ్ముండ్రి' అని మొత్తుకుండు. అక్క ఎవరని అడిగిండ్రు."

నేను తిరగలి వైపు తిరిగాను. వాడు విసరడం ఆపి మా మాటలు వింటున్నాడు.

"ఎవరిని చంపినవ్?"

"ఎద్దులోడు ఒకడండీ," అన్నాడు విజయకేతు. "పశువులు ఆకలితో చస్తుంటే ఎదురుగా పచ్చగడ్డి పెట్టుకుని మేపనివ్వలేదు. శత్రువుల నుంచి కబురొచ్చిందని వాడే ఒప్పుకున్నాడు. అలాంటప్పుడు ద్రోహి అనే అనుకుంటాం కదండీ. ఆ ఒక్కడి మాట విని ఉంటే..."

ఆ ఒక్కడి మాట విని ఉంటే ఎద్దులు బతికేవి, దండు బతికేది, వీడు బతికేవాడు, నేను ఓడిపోయేదాన్ని. నా ఉచ్చును నా తమ్ముడు ఒళ్ళు అడ్డం పెట్టి ఆపబోయాడు. నేను వాడిని కాపాడదామని పంపిన కబురే వాడి మెడకు చుట్టుకుంది. వాడు అబద్ధం చెప్పడం రానివాడు. అక్క ఎవరని అడిగితే చెప్పే ఉంటాడు.

ఓబులయ్య నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. తీసేయమన్నాను.

పిండి తడిపి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టారు. మొదటి రొట్టె కాకా తీసుకున్నాడు. తినకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. విజయకేతు నా మొహం చూసి తనంతట తానే మళ్ళీ రాయి తిప్పాడు. రెండు చేతులతో తిప్పాడు. పిడి మీద నెత్తురు అంటుకుంది. కాసేపయ్యాక అడిగాడు:

"ఎప్పటిదాకా తిప్పాలండీ?"

"వీళ్ళందరూ కడుపునిండ తినేదాక. ఆ తర్వాత ఇంకొకని వంతు విసరాలె."

"ఇంకొకడెవరండీ?"

"గట్టు మీద నువ్వు చంపినోడు. వాని పేరు చెప్పు, లేస్తువుగాని."

వాడికి తెలియదు. తోలేవాళ్ళ వైపు చూశాడు. ముందు కాకాను అడిగాడు, తర్వాత కాకా పక్కవాడిని, తర్వాత అతని పక్కవాడిని, చేతులు జోడించి, బతిమాలుతూ. ఒక్కడూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. వాడు తిప్పుతూనే ఉన్నాడు.